సెలవు మెయిల్: తెరవకముందే అర్థం కావాలి

ఉదయం ఎనిమిదిన్నరకి మేనేజరు ఇంకా దారిలోనే ఉంటాడు. మెట్రోలోనో క్యాబ్‌లోనో కూర్చుని ఫోన్ తీసి ఇన్‌బాక్స్ చూస్తాడు. రాత్రి నుంచి వచ్చిన మెయిళ్లు ముప్పయ్యో నలభయ్యో అక్కడ వరసగా కనిపిస్తాయి. వాటిలో దేనినీ ఆయన ఇంకా తెరవలేదు. ఒక్కో మెయిల్ గురించి ఆ తెర చెప్పేవి మూడే సంగతులు: పంపినవారి పేరు, సబ్జెక్ట్‌లో మొదటి కొన్ని మాటలు, దాని కింద మెయిల్ లోపలి నుంచి తీసి చూపించే మొదటి ఒకటి రెండు వరసలు. ఏ మెయిల్ ఇప్పుడే తెరవాలి, ఏది మధ్యాహ్నం చూడొచ్చు, దేన్ని అసలు పట్టించుకోనక్కర్లేదు అన్నది ఆ మూడింటిని బట్టే తేలిపోతుంది.

సెలవు అడిగే మెయిల్ కూడా ఆ వరసలోనే ఉంటుంది. సెలవు ఎవరికి, ఏ తేదీల్లో, అనుమతి కావాలా లేక సమాచారమేనా అన్నది తెరవకుండానే తెలిస్తే, క్యాబ్ దిగేలోపే ‘ఓకే’ అని జవాబు వచ్చేస్తుంది. తెలియకపోతే ఆ మెయిల్ సాయంత్రం దాకా అలా పడి ఉంటుంది. మేనేజరుకి మనమంటే పడకపోవడం వల్లో, ఆయన బద్ధకం వల్లో ఇలా జరుగుతోందని అనుకుంటాం. నిజానికి మనం రాసిన మొదటి పది మాటల్లో ఆయనకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేకపోవడం వల్లే చాలాసార్లు అలా జరుగుతుంది.

ఈ పది మాటల సంగతే ఈ వ్యాసం. మెయిల్ మొత్తం ఎంత అందంగా రాయాలన్న చర్చ ఇక్కడ లేదు. సబ్జెక్ట్ లైన్, మొదటి వాక్యం, ఈ రెండే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేసే అమ్మాయి అనుకోండి. విశాఖపట్నంలో వాళ్ల నాన్నగారికి కంటి ఆపరేషన్. 2026 ఆగస్టు 12 బుధవారం నుంచి 14 శుక్రవారం దాకా ఆమెకి సెలవు కావాలి. 15 శనివారం, స్వాతంత్ర్య దినోత్సవం. 16 ఆదివారం. అంటే మళ్లీ 17 సోమవారం ఆఫీసులో ఉంటుంది. చాలామందిలాగే ఆమె కూడా సబ్జెక్ట్‌లో ‘రిగార్డింగ్ లీవ్’ అని కొట్టింది. లోపల ‘రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్...’ అని మొదలుపెట్టింది. తర్వాత తాను మూడేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్న సంగతి, నాన్నగారికి కొంతకాలంగా చూపు మందగించిన సంగతి, డాక్టరుగారు ఏమన్నారో ఆ సంగతి రాసింది. ఆరో వరసలో తేదీలు వచ్చాయి.

మేనేజరు ఫోన్‌లో ఇదెలా కనపడుతుంది? పేరు. కింద ‘రిగార్డింగ్ లీవ్’. దాని కింద ‘రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ వుడ్ లైక్ టు బ్రింగ్...’. సెలవు గురించేదో రాసిందని అర్థమైంది. రేపేనా, వచ్చే నెలా? ఒక పూటా, నెలరోజులా? కొత్తగా అడుగుతోందా, అయిపోయిన సెలవుకి జీతం కోశారని ఫిర్యాదా? ఇందులో దేనికీ జవాబు లేదు. పైగా సెలవు అనగానే ఆ మేనేజరు మనసులో మొదట మెదిలేది ఇంకొకటుంది. నెలనెలా జీఎస్టీ దాఖలు చేసే వ్యాపారాలకి, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 రిటర్నుకి మరుసటి నెల 11వ తేదీ గడువు. పన్ను కట్టి వేసే జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ఈ రెండు తేదీల మధ్య అకౌంట్స్ మనిషి సెలవంటే ఎవరికైనా గుండె కొంచెం ఝల్లుమంటుంది. ఆ భయం తీరే సంగతి ఆమె మెయిల్‌లో ఉంది. కానీ చివరి పేరాలో ఉంది.

ఇదే మెయిల్‌కి సబ్జెక్ట్ ఇలా పెడితే:

```
Leave request: Wed 12 - Fri 14 Aug
```

ఖాళీలతో కలిపి ఇది 34 అక్షరాలు. ఫోన్‌ని నిలువుగా పట్టుకున్నప్పుడు సబ్జెక్ట్‌లో కనిపించేది సుమారుగా 30 నుంచి 40 అక్షరాలు. ఫోన్‌ని బట్టీ, అక్షరాల సైజుని బట్టీ ఇది కొంచెం మారుతుంది. కళ్లద్దాలు తీసి చదివే పెద్ద అధికారులు అక్షరాలు పెద్దవి చేసుకుంటారు కాబట్టి వాళ్లకి ఇంకా తక్కువే కనిపిస్తుంది. అందుకే అసలు సంగతి మొదటి 35 అక్షరాల్లో పట్టాలి. తర్వాత వచ్చేది తెగిపోయినా నష్టం లేనిదై ఉండాలి. చోటుంటే పై సబ్జెక్ట్ చివర ‘బ్యాక్ మన్ 17’ అని కలపొచ్చు. అది తెగినా మిగిలింది అర్థమవుతుంది.

ఇందులో మాటల వరసకి ఒక్కోదానికీ కారణం ఉంది. మొదటి మాట ‘లీవ్’. విషయమేమిటో అదే చెబుతుంది. అంతకంటే ముఖ్యంగా, నెలాఖరున జీతాల లెక్క వేసేవాళ్లు పాత మెయిళ్లలో వెతికినప్పుడు ఆ మాటతోనే దొరుకుతుంది. ‘హాయ్ సర్’ అనో ‘స్మాల్ రిక్వెస్ట్’ అనో సబ్జెక్ట్ పెట్టిన మెయిల్, మూడు నెలల తర్వాత జీతంలో కోత పడి మనమే వెతుక్కుంటే మనకే దొరకదు. రెండో మాట ‘రిక్వెస్ట్’. ఇది అనుమతి అడగడం, సమాచారమివ్వడం కాదు అని చెబుతుంది. ఆ తర్వాత వారం, తేదీ, నెల. పేరు రాయలేదు చూడండి. పంపినవారి పేరు తెర మీద దానంతటదే వస్తుంది. దాన్ని మళ్లీ సబ్జెక్ట్‌లో పెడితే ఉన్న చోటు తినేస్తుంది. అయితే స్కూల్లోనో, బ్రాంచిలోనో అందరికీ కలిపి ఒకే మెయిల్ ఐడీ ఉంటే, లేదా సొంత ఐడీలో మన పేరు సరిగ్గా పడకపోతే, అప్పుడు పేరు తప్పకుండా రాయాలి. కాలేజీ రోజుల్లో పెట్టుకున్న ‘కూల్’, ‘స్వీట్’, పుట్టినతేదీ అంకెలు కలిసిన ఐడీల నుంచి సెలవు మెయిల్ పంపేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్లెవరో అవతలివాళ్లకి ఆ ఐడీని బట్టి తెలిసే వీలే లేదు.

ఇక మొదటి వాక్యం. సబ్జెక్ట్‌లో పట్టనివన్నీ ఇందులో రావాలి:

```
Sir, I request 3 days' leave, Wed 12 to Fri 14 Aug,
for my father's eye surgery in Visakhapatnam;
I will be back at work on Mon 17 Aug.
```

దీని వెంటే రెండో వాక్యంలో జీఎస్‌టీఆర్-1 పదకొండో తేదీలోపే వేసేస్తానని, 3బీ గడువైన 20కి మూడు రోజుల ముందే వచ్చేస్తానని, ఈ మధ్యలో సరఫరాదారుల చెల్లింపులు ఫలానావారు చూస్తారని రాస్తే చాలు. మేనేజరు అడగాల్సిన ప్రశ్న ఇక మిగలదు. ప్రశ్న మిగలనప్పుడే ఒక్క మాటలో జవాబు వస్తుంది. మొదటి మెయిల్‌కి మటుకు ‘ఎప్పటి నుంచి?’, ‘3బీ ఎవరు చూస్తారు?’ అని రెండు ప్రశ్నలు, వాటికి రెండు జవాబులు నడిచి, ఆఖరికి అనుమతి ఏ సాయంత్రానికో వస్తుంది. ఈలోపు రైలు టికెట్లు అయిపోతాయి.

తిరిగి వచ్చే తేదీ విడిగా ఎందుకు రాయాలంటే, పై ఉదాహరణలోనే చూడండి. జీతాల విభాగానికి ఆమె సెలవు మూడు రోజులు. మేనేజరుకి ఆమె కనపడనిది అయిదు రోజులు. ఇద్దరి లెక్కా నిజమే. ‘12 నుంచి 14’ అని మాత్రమే రాస్తే 15న సెలవుదినమన్న సంగతి గుర్తులేనివాళ్లు శనివారం ఫోన్ చేస్తారు. కొన్ని కంపెనీల్లో రెండు సెలవు రోజుల మధ్య వచ్చే ఆదివారాన్నీ పండగనీ కూడా సెలవుగానే లెక్కేస్తారు. అలాంటిచోట మొదటి రోజు, చివరి రోజు, తిరిగి చేరే రోజు మూడూ విడివిడిగా రాసి ఉంటే తర్వాత వాదనకి చోటుండదు. ‘టిల్ 14’ అన్న మాటతో ఇంకో చిక్కు. పధ్నాలుగున సెలవా, పధ్నాలుగున వస్తారా? రాసినవారికి స్పష్టంగానే ఉంటుంది, చదివినవారికి ఉండదు. తిరిగి వచ్చే రోజు చెప్పేస్తే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఇంత సులువైనది మనం ఎందుకు తలకిందులుగా రాస్తున్నాం? రెండు చోట్ల నేర్చుకున్నాం కాబట్టి.

మొదటిది బడి. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో లీవ్ లెటర్ బట్టీ పట్టించారు. కుడివైపు పైన ఊరు, తేదీ. ఎడమవైపు ‘టు, ద హెడ్ మాస్టర్’. ఆ తర్వాత ‘ఐ బెగ్ టు స్టేట్ దట్’ అని మొదలుపెట్టి, నేను ఫలానా తరగతి చదువుతున్నాను, నాకు జ్వరం వచ్చింది, కాబట్టి రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన అని ముగించడం. కాగితం మీద అది తప్పేమీ కాదు. కాగితం విప్పగానే హెడ్ మాస్టరుకి పై నుంచి కింది దాకా ఒక్కసారే కనిపిస్తుంది. ఆయన కళ్లు నేరుగా తేదీల మీదికి వెళ్తాయి. ఫోన్ తెర మీద అలా కుదరదు. మొదటి వరస గడప లాంటిది, అది దాటితేనే లోపలిది కనిపిస్తుంది. ఆ గడప మీద మర్యాద మాటలు బారులు తీరి నిలబడితే సంగతి లోపలే ఉండిపోతుంది.

రెండోది ప్రభుత్వ కార్యాలయం. మన రెండు రాష్ట్రాల ఆఫీసుల్లో ఉత్తరాల ‘విషయం’ వరసకి ఒక పద్ధతి ఉంది. పెద్ద శాఖ నుంచి చిన్న సంగతికి గీతలు గీసుకుంటూ వస్తారు. చివర ‘రెగ్’ అని ముగిస్తారు. ఫైళ్లని శాఖలవారీగా కట్టలు కట్టి, రిజిస్టరులో ఎక్కించి, ఏళ్ల తర్వాత వెతికి తీయాల్సిన చోట ఈ పద్ధతి ఎంతో పనికొస్తుంది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అదే వరసని మెయిల్ సబ్జెక్ట్‌లోకి ఎత్తి రాస్తే ఏమవుతుందో చూడండి:

```
Establishment - Leave - Casual Leave for 3 days
from 12-08-2026 to 14-08-2026 - Request - Reg.
```

మన 34 అక్షరాల దగ్గర గీత గీస్తే ‘క్యాజువల్ లీ’ అన్నచోట తెగిపోతుంది. తేదీ ఒక్కటీ బయటికి రాలేదు. ఇది అడగడమా, మంజూరు ఉత్తర్వా, నిరాకరణా అన్నది చెప్పే మాట కూడా ఆ చివరనే ఉండిపోయింది. ఉన్న మాటలన్నీ సరైనవే. వాటిని తిప్పి, ‘క్యాజువల్ లీవ్ రిక్వెస్ట్’, ఆ వెంటనే తేదీలు, ఆ తర్వాత కావాలంటే శాఖ పేరు పెట్టుకుంటే ఫైలు పద్ధతీ నిలుస్తుంది, ఫోన్‌లోనూ అర్థమవుతుంది. సంతకం పెట్టిన దరఖాస్తు విడిగా ఉండాలన్న నియమముంటే దాన్ని జతచేయండి, అందులో పాత వరసే ఉంచండి.

జతచేయడం అన్నాను కాబట్టి ఇంకో మాట. చేత్తో రాసిన సెలవు చీటీని ఫోటో తీసి, మెయిల్‌కి తగిలించి, లోపల ‘ప్లీజ్ ఫైండ్ ద అటాచ్‌డ్’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు చాలామంది. బళ్లలో, కాలేజీల్లో ఇది మరీ ఎక్కువ. ఆ ఫోటో ఫోన్‌లో తెరుచుకోవడానికి సమయం పడుతుంది, అడ్డంగా తిరిగి ఉంటుంది, వెతికితే అందులోని అక్షరాలు దొరకవు. చీటీ జతచేయండి, కానీ తేదీలున్న ఆ మొదటి వాక్యం మెయిల్‌లో టైపు చేయండి. అది ఇంగ్లిష్‌లోనే ఉండాలని కూడా లేదు. ‘సెలవు వినతి: ఆగస్టు 12 బుధ – 14 శుక్ర’ అని తెలుగులో పెట్టినా మెయిల్ చక్కగా వెళ్తుంది. తెలుగులో ఉత్తరప్రత్యుత్తరాలు నడిచే ఆఫీసుల్లో అలాగే రాయాలని నేనంటాను.

తేదీలు రాయడంలో మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. హైదరాబాద్‌లో, విశాఖలో అమెరికా కంపెనీలకి పనిచేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. మనం 12/8 అంటే ఆగస్టు 12. అమెరికాలో అదే అంకెలు చూస్తే డిసెంబరు 8. ఒక తేదీలో రోజు 12 దాటితే, 14/8 లాగా, పద్నాలుగో నెల లేదు కాబట్టి అవతలివాళ్లు ఆగి ఆలోచిస్తారు. 12 లోపు తేదీలతోనే ప్రమాదం. ఎవరికీ అనుమానం రాదు, అందరూ తమకి తెలిసినట్టే చదువుకుంటారు, ఆగస్టులో మీరు లేనప్పుడే పొరపాటు బయటపడుతుంది. నెలని అంకెలో కాకుండా అక్షరాల్లో రాస్తే ఈ గొడవే లేదు. వారం పేరు కూడా పెడితే రెండో కాపలా ఉన్నట్టు. పొరపాటున ‘బుధవారం 13’ అని కొడితే, ఆగస్టు 13 గురువారం కదా అని చదివేవాళ్లే అడుగుతారు. ‘13’ అని ఒక్కటే ఉంటే ఆ తప్పు ఎవరికీ కనపడదు.

రాత్రి షిఫ్టువాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. సాయంత్రం ఆరున్నరకి మొదలై తెల్లవారుజామున మూడున్నరకి ముగిసే షిఫ్టు రెండు తేదీల మీద పడుతుంది. అర్ధరాత్రి ఒంటిగంటకి ‘రేపు నేను రాలేను’ అని మెయిల్ కొడితే రేపంటే ఏది? రాసేవారికి ఇంకా నిద్రపోలేదు కాబట్టి రేపంటే సూర్యుడు ఉదయించాక వచ్చే సాయంత్రం. తెల్లారాక చదివే టీమ్ లీడుకి రేపంటే ఆ మర్నాడు. కాలిఫోర్నియాలో ఉన్న మేనేజరుకి అప్పటికింకా నిన్నటి మధ్యాహ్నమే. కాబట్టి షిఫ్టు మొదలయ్యే తేదీ, సమయం రాయాలి:

```
Sick leave: shift starting Tue 11 Aug 6.30 pm IST
```

‘టుడే’, ‘టుమారో’, ‘దిస్ ఫ్రైడే’, ‘నెక్స్ట్ ఫ్రైడే’ లాంటి మాటలన్నీ చదివే సమయాన్ని బట్టి అర్థం మారిపోయేవే. ఒంట్లో బాగోక పొద్దున్నే రాసే మెయిల్‌లో ‘ఈరోజు’ అని రాయడం సహజం. రాయండి, పక్కనే తేదీ కూడా పెట్టండి. ఆ మెయిల్ మీ పై అధికారి రేపు చదవొచ్చు, జీతాలవాళ్లు నెలాఖరున చదువుతారు.

అయితే అప్పటికప్పుడు వచ్చే సెలవుకి ఎంత మంచి సబ్జెక్ట్ పెట్టినా మెయిల్ ఒక్కటే చాలదు. ఏడు గంటల షిఫ్టుకి రాలేనని ఆరున్నరకి మెయిల్ చేస్తే, దాన్ని చూసేసరికి ఎనిమిదవుతుంది. ఫోన్ చేయాలి, లేదా మీ టీమ్ వాడే వాట్సాప్‌లో చెప్పాలి. మెయిల్ ఆ తర్వాత రికార్డు కోసం. సబ్జెక్ట్‌లో ‘అర్జెంట్’ అని పెట్టడం వల్ల ఎవరూ తొందరగా చూడరు. ప్రతివాళ్లూ అదే పెడుతుంటే ఆ మాటకి బలం పోయింది, పైగా సబ్జెక్ట్ మొదట్లో ఉండే విలువైన చోటుని అది ఆక్రమిస్తుంది. నిజంగా తొందరుంటే ఎప్పటికి జవాబు కావాలో రాయండి. మొదటి వాక్యం చివర ‘సోమవారం 10లోపు చెబితే టికెట్ తీసుకుంటాను’ అన్న ఒక్క ముక్క చేసే పని ‘అర్జెంట్’ చేయదు.

ఇప్పుడు అడగడం, చెప్పడం అన్న తేడా దగ్గరికి వద్దాం. చాలా మనస్పర్థలు ఇక్కడే పుడతాయి. ‘ఐ విల్ బి ఆన్ లీవ్ ఫ్రమ్...’ అని మొదటి వాక్యం రాస్తే, నిర్ణయమైపోయింది, మీకు చెబుతున్నానంతే అన్నట్టు వినిపిస్తుంది. రాసినవారి ఉద్దేశం అది కాకపోవచ్చు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1972 నాటి సెలవుల నియమాల్లో, సెలవుని హక్కుగా కోరడానికి వీల్లేదని ఏడో నియమం చెబుతుంది. ప్రైవేటు కంపెనీల్లోనూ ముందుగా తీసుకునే సెలవుకి అనుమతి ఇచ్చేవారొకరు ఉంటారు. కాబట్టి ఇంకా అనుమతి రాని సెలవుకి ‘రిక్వెస్ట్’ అన్న మాట సబ్జెక్ట్‌లోనూ, అదే అర్థం మొదటి వాక్యంలోనూ ఉండాలి. హెచ్‌ఆర్ పోర్టల్‌లో అనుమతి వచ్చేశాక టీమ్‌కి పంపే మెయిల్ వేరు. అందులో ‘రిక్వెస్ట్’ ఉంటే పదిమందీ తమనేదో అడుగుతున్నారని అయోమయపడతారు. దానికి ‘ఆన్ లీవ్’ అని మొదలుపెట్టి, తేదీలు, తర్వాత ఆ రోజుల్లో ఎవరిని అడగాలో ఆ పేరు పెడితే సరి. అనుమతి ఇచ్చేవారికొకటి, సమాచారం తెలియాల్సినవారికొకటి, రెండు మెయిళ్లు రాయడానికి అయ్యే శ్రమ రెండు నిమిషాలు. ఒకే మెయిల్‌ని అందరికీ పంపి, ఎవరు జవాబివ్వాలో ఎవరికీ తెలియకుండా చేయడం కంటే అదే నయం.

మర్యాద మాటేమిటి? నేరుగా తేదీలతో మొదలుపెడితే పొగరనుకుంటారేమో అన్న భయం మనలో గట్టిగా ఉంది. అది తీసిపారేయాల్సిన భయమేం కాదు. మన ఇళ్లలో కూడా పెద్దవాళ్ల దగ్గర ఏదైనా అడగాలంటే ముందు కుశలప్రశ్నలే. కానీ పై ఉదాహరణ మళ్లీ చూడండి. ‘సర్’ అని ఒక్క పిలుపు ఉంది. ‘ఐ రిక్వెస్ట్’ అన్న క్రియ ఉంది. గౌరవానికి ఆ రెండూ చాలు. తెలుగులో రాస్తే ‘అయ్యా, ఆగస్టు 12 నుంచి 14 వరకు మూడు రోజులు సెలవు ఇప్పించగలరు’ అన్న వాక్యంలో ‘అయ్యా’, ‘ఇప్పించగలరు’ మోసేంత గౌరవాన్ని నాలుగు వరసల ఉపోద్ఘాతం మోయలేదు. ధన్యవాదాలు, కుశలాలు చెప్పాలనిపిస్తే కింద చెప్పండి. అక్కడ చోటుకి కొదవలేదు.

మొదటి వాక్యంలో కారణం ఎంత రాయాలన్నది కొంచెం ఆలోచించాల్సిన సంగతి. సబ్జెక్ట్ లైన్ ఫోన్ లాక్ అయి ఉన్నప్పుడు కూడా నోటిఫికేషన్‌లో కనిపించొచ్చు. మీటింగ్‌లో ఎవరో తెర షేర్ చేస్తుంటే మూలన పైకి రావొచ్చు. జబ్బు పేరు, ఇంటి గొడవ, గర్భం సంగతి, ఇలాంటివేవీ సబ్జెక్ట్‌లో పెట్టకండి. ‘సిక్ లీవ్’ అంటే చాలు. లోపల మొదటి వాక్యంలో కూడా ‘నాన్నగారి ఆపరేషన్’ వరకూ చెబితే సరిపోతుంది. ఏ కన్ను, ఏ డాక్టరు, ఖర్చెంత అన్నవి అనుమతి ఇచ్చేవారికి అక్కర్లేదు. చెప్పుకోలేని కారణమైతే ‘కుటుంబంలో అత్యవసర పని’ అని రాయడంలో తప్పు లేదు, అడిగితే మాటల్లో చెప్పొచ్చు.

ఇక బాగా రాసేవాళ్లు కూడా తడబడే చోటు తేదీలు మారినప్పుడు. ఆస్పత్రివాళ్లు ఆపరేషన్ ఒక వారం వెనక్కి జరిపారనుకోండి. ఆ అమ్మాయి తన పాత మెయిల్‌కే రిప్లై కొట్టి, లోపల ‘డేట్స్ 19 నుంచి 21కి మారాయి సర్’ అని రాస్తుంది. సబ్జెక్ట్‌లో మాత్రం 12 నుంచి 14 అనే ఉంటుంది. పైగా ఈ కొత్త తేదీలైతే 20వ తేదీ 3బీ గడువు నడుమన పడుతోంది. అంటే ఈసారి సెలవు విషయం పూర్తిగా మారిపోయింది. పాత సబ్జెక్ట్ చూసి ‘ఇది నిన్న ఓకే చేసిందే కదా’ అని మేనేజరు తెరవకపోతే 20న ఆఫీసులో గందరగోళం తప్పదు. గడువు దాటి కట్టే పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడుతుంది, ఆలస్య రుసుము దానికి అదనం. ఇలాంటప్పుడు సబ్జెక్ట్ మార్చే పంపాలి:

```
Leave dates changed: now 19 - 21 Aug
```

మొదటి వాక్యంలో కొత్త తేదీలు, పాత తేదీలు రెండూ చెప్పాలి, 3బీ పని ఎవరు ఎప్పటికి ముగిస్తారో వెంటనే చెప్పాలి. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే అది పాత సంభాషణలో కలిసిపోకుండా విడిగా కొత్త వరసగా కనిపిస్తుంది. ఇక్కడ మనకి కావాల్సింది అదే. ఇందుకు తిరగబడ్డ తప్పు ఇంకొకటుంది. పై అధికారి ఐడీ వెతుక్కునే ఓపిక లేక, ఎప్పుడో నడిచిన ‘జూలై శాలరీ స్లిప్’ మెయిల్‌కి రిప్లై కొట్టి అందులో సెలవు అడగడం. అది జీతం స్లిప్పు సంభాషణ కిందే పడి ఉంటుంది. సెలవు అడిగారని ఎవరికీ తెలియదు. సెలవు రద్దు చేసుకుంటే కూడా ‘లీవ్ క్యాన్సిల్డ్’ అని తేదీలతో కొత్త మెయిల్ పంపాలి. లేకపోతే మీరు ఆఫీసులో పనిచేసిన రోజులకి సెలవు కోత పడే అవకాశం ఉంది.

మీరు రాసింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ మెయిల్‌ని ముందు మీకే పంపుకోండి. ఫోన్‌లో ఇన్‌బాక్స్ చూడండి, తెరవకండి. ఏం కావాలి, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నది ఆ మూడు నాలుగు వరసల్లో కనిపిస్తోందా? ఇంట్లో ఎవరికైనా ఒక్క క్షణం చూపించి ఫోన్ వెనక్కి తీసుకుని, ఏమర్థమైందో అడిగితే ఇంకా మంచిది. వాళ్లు తేదీలు చెప్పగలిగితే పంపేయండి. ‘ఏదో సెలవు గురించి’ అంటే సబ్జెక్ట్ మళ్లీ రాయండి.

చివరగా ఇంగ్లిష్, తెలుగు చెప్పే ఉపాధ్యాయులకి ఒక విన్నపం. మీ తరగతిలో లీవ్ లెటర్ రాయించేటప్పుడు ‘ఐ బెగ్ టు స్టేట్’ తీసేయండి. సెలవు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా కావాలో, మళ్లీ బడికి ఎప్పుడొస్తారో మొదటి వాక్యంలోనే రాయించండి. కారణం రెండో వాక్యంలో. మార్కులు కూడా ఆ తేదీలకే వేయండి.